తలా పది సవర్లు, అయినా సమానం కాలేదు: హాల్‌మార్క్ అంకెలతో ఒక పంపకం లెక్క

కావలిలో ఒక బ్యాంకు బ్రాంచికి గోల్డ్ లోన్ నగలు పరీక్షించి విలువ కట్టడం నా పని. అప్పుడప్పుడూ లోనుతో సంబంధం లేని లెక్కలు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. ఇది అలాంటిదే.

బిట్రగుంట దగ్గర ఒక ఊళ్లో తల్లి పోయాక, ఆమె నగలు ఇద్దరు కూతుళ్లకు పంచాలి. అక్క కావలిలోనే ఉంటుంది, చెల్లెలు బెంగళూరులో. మేనమామ పెద్దమనిషిగా కూర్చుని, తెలిసిన షాపులో తూకం వేయించి, నగలను రెండు కుప్పలు చేశాడు. తలా ఎనభై గ్రాములు, అంటే తలా పది సవర్లు. తూకంలో ఏ మోసమూ లేదు. చెల్లెలికి మాత్రం తన వాటాలోని నెక్లెస్ మీద 750 అని, గాజుల మీద 875 అని కనిపించింది. అక్క గాజుల మీదేమో 22K916 అని ఉంది. గొడవ కాదుగానీ చెల్లెలికి టెన్షన్ పట్టుకుంది. ముగ్గురూ కలిసే నా దగ్గరికి వచ్చారు.

"ఆచారిగారూ, అంతా అమ్మ బంగారమే కదా, అంకెలు వేరైతే ఏమైంది?" అన్నాడు మేనమామ. ఆయన అడిగిన తీరు చూస్తే, ఆ అంకెలను ఆయన మోడల్ నంబర్లు అనుకుంటున్నాడని అర్థమైంది.

నేను ముందు తూకం జోలికి పోలేదు. పదింతలు చూపించే లూపు పట్టుకుని ఒక్కో నగ మీద ముద్ర చదివాను. గాజుకు లోపలి వైపు, గొలుసుకు కొక్కెం పక్కన, నెక్లెస్‌కు వెనక తోక దగ్గర ముద్ర ఉంటుంది.

అక్క కుప్పలో రెండే రకాలు. చంద్రహారం 48 గ్రాములు, నాలుగు గాజులు కలిపి 32 గ్రాములు. మిల్లీగ్రాముల తేడాలు వదిలేసి గుండు అంకెలే చెబుతున్నాను. చంద్రహారం మీద పాత పద్ధతి ముద్ర ఉంది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ త్రికోణం, 916, పరీక్షా కేంద్రం గుర్తు, సంవత్సరాన్ని చెప్పే ఒక ఇంగ్లీషు అక్షరం, షాపు గుర్తు. గాజులు కొత్తవి. వాటి మీద త్రికోణం, 22K916, ఆపైన అక్షరాలూ అంకెలూ కలిసి ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్ ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు ఈ కోడ్ ఉన్న నగలే అమ్మాలి. మన ఇంట్లో ఉన్న పాత ముద్రల నగలు మాత్రం చెల్లకుండా పోవు. గాజుల మీది కోడ్‌లను బీఐఎస్ కేర్ యాప్‌లో `Verify HUID` దగ్గర కొట్టి చూశాను. వస్తువు గాజు అనీ, స్వచ్ఛత 22 క్యారెట్ అనీ వచ్చింది. వస్తువు పేరు కూడా చూసుకోవాలి. ఉంగరం కోడ్ గాజు మీద కనబడితే ఆ ముద్రను నమ్మకూడదు.

చెల్లెలి కుప్పలో మూడు నగలు. నెక్లెస్ 30 గ్రాములు, ముద్ర 18K750. పాత గాజుల జత 24 గ్రాములు, ఐదు గుర్తుల పాత ముద్రలో 875, సంవత్సరం అక్షరం G. ఆ అక్షరాలు 2000లో Aతో మొదలయ్యాయి కాబట్టి ఇది 2006 నాటి ముద్ర. గొలుసు 26 గ్రాములు, దాని మీద 916 KDM అని ఉంది. త్రికోణం లేదు, కేంద్రం గుర్తు లేదు. దీని సంగతి తర్వాత చెబుతాను.

"పద్దెనిమిది, ఇరవై రెండు. నాలుగే కదా తేడా? నాలుగు శాతానికి ఇంత రచ్చ ఏంది?" అన్నాడు మేనమామ.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జారేది ఇక్కడే. క్యారెట్ నూటికి లెక్క కాదు, ఇరవై నాలుగుకు లెక్క. మొత్తం లోహాన్ని ఇరవై నాలుగు సమాన భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలు మేలిమి బంగారమో చెప్పే అంకె అది. మిగతా భాగాలు రాగి, వెండి లాంటివి. కాబట్టి ఒక్క క్యారెట్ తగ్గితే తగ్గేది ఒక శాతం కాదు, వందను ఇరవై నాలుగుతో భాగిస్తే వచ్చే 4.17 శాతం. నాలుగు క్యారెట్లు తగ్గితే 16.67 శాతం. ఆయన నాలుగు శాతం అనుకున్నది నిజానికి దానికి నాలుగింతల పైమాట.

ముద్రలోని మూడంకెలు వెయ్యికి లెక్క. 750 అంటే వెయ్యి భాగాల్లో 750 మేలిమి. శాతం కావాలంటే చివరి అంకె ముందు చుక్క పెట్టుకుంటే చాలు, 75.0. ఆయనకు కాగితం మీద రెండు లైన్లు రాసి ఇచ్చాను.

```
శాతం = క్యారెట్ × 100 ÷ 24
మేలిమి బరువు = నికర బరువు × ముద్ర అంకె ÷ 1000
```

కాగితం లేనప్పుడు నేను పైనుంచి కిందికి వస్తాను. 24 అంటే 100. రెండు క్యారెట్లు తగ్గితే 8.33 పోయి 91.67. మూడు తగ్గితే 12.5 పోయి 87.5. ఆరు తగ్గితే సరిగ్గా నాలుగో వంతు పోయి 75. ఇలా చూస్తే 875 ముద్ర 21 క్యారెట్ అని ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పుడు షాపుల్లో 21 క్యారెట్ కనిపించదు కాబట్టి చెల్లెలు దాన్ని నకిలీ ముద్ర అనుకుంది. పాత ప్రమాణంలో 875 కూడా ఒక తరగతే. ఆ గాజుల మీద ఐదు గుర్తులూ సరిగా ఉన్నాయి, గీటురాయి మీద గీసి చూసినా రంగు ముద్రకు తగ్గట్టే వచ్చింది.

ఇక్కడ అక్క ఒక మంచి ప్రశ్న వేసింది. "91.67 అయితే 917 అని కొట్టాలి గదా, 916 ఎందుకు కొట్టారు?" ఇరవై రెండును ఇరవై నాలుగుతో భాగిస్తే 0.91666 అని ఆగకుండా పోతూనే ఉంటుంది. మన ప్రమాణంలో దాన్ని పైకి సవరించకుండా 916 దగ్గర కోసేశారు. ఆ 916 కింది హద్దు. ముద్ర పడాలంటే నగ అంతకు తగ్గకూడదు, తరుగుదలకు వెసులుబాటు లేదు. కాస్త ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు. అందుకే పంపకం లెక్కలో నేను 91.67 తీసుకోను, నగ మీద ఉన్న అంకెనే తీసుకుంటాను. ఎనభై గ్రాములకు రెండు పద్ధతుల మధ్య తేడా 0.05 గ్రాము. పెద్దదేం కాదుగానీ, ఇద్దరికీ ఒకే పద్ధతి వాడాలి. ఒకరికి భాగహారం, ఇంకొకరికి ముద్ర అంకె వాడితే తర్వాత కాగితం చూసిన అల్లుడెవరో కొత్త పేచీ మొదలుపెడతాడు.

భాగహారాన్నే నమ్ముకుంటే ఇబ్బంది పడే చోట్లు ఇంకో రెండున్నాయి. 14 క్యారెట్‌ను భాగిస్తే 58.33 వస్తుంది, కానీ ముద్ర 585. అక్కడ ప్రమాణమే భాగహారం కంటే కాస్త పైన పెట్టారు. 24 క్యారెట్ అంటే లెక్క ప్రకారం నూటికి నూరు, కానీ ముద్ర 995 లేదా 999. నూటికి నూరు శుద్ధి అన్నది కాగితం మీదే ఉంటుంది. చెల్లెలి చేతికి బెంగళూరులో కొన్న 14K585 ఉంగరం ఉంది. దాన్ని లెక్క కట్టి 583 వచ్చిందనీ, షాపువాడు రెండు అంకెలు కలిపి కొట్టాడనీ ఆమె అనుమానం. అందులో మోసం లేదని చెప్పాను.

ఇప్పుడు నెక్లెస్. చెన్నైలో కొన్నది, బిల్లు తల్లి పర్సులో భద్రంగా ఉంది. తెల్ల రాళ్లు పొదిగిన నగ. 22 క్యారెట్ మెత్తన కాబట్టి రాళ్ల పట్టు కోసం ఇలాంటివి 18లో చేయడం మామూలే. పైన పసుపు పూత గట్టిగా ఉంది కాబట్టి రంగు చూసి ఎవరూ పోల్చుకోలేరు. బిల్లులో మొత్తం బరువు 30.00, రాళ్ల బరువు 1.80, నికర బరువు 28.20 అని ఉంది. ముద్ర చెప్పే 750 లోహానికే గానీ రాళ్లకు కాదు. ముప్పైని 0.75తో గుణిస్తే 22.5 వస్తుంది, అది తప్పు. నికర బరువు 28.20ని గుణించాలి. 21.15 గ్రాముల మేలిమి. మేనమామ తూకంలో ఆ రాళ్లు కూడా బంగారం కిందే పోయాయి. బిల్లు లేకపోతే రాళ్లు ఊడదీసి తూచాలి, లేదా అనుభవం మీద అంచనా కట్టాలి. ఆ అంచనాల్లోనే మాటలు పెరుగుతాయి.

గాజుల జత 24 గ్రాములు, 0.875తో గుణిస్తే సరిగ్గా 21 గ్రాములు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది గొలుసు. 916 KDM అన్న ముద్ర హాల్‌మార్క్ కాదు. అది చేసినవాడు తానే కొట్టుకున్న మాట. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకంతో అతికిన నగ. అంతకు ముందు అతుకులకు రాగి ఎక్కువ కలిపిన టంకం వాడేవాళ్లు. తీగ ఇరవై రెండు క్యారెట్ అయినా అతుకులన్నీ కలిసి మొత్తం టచ్‌ను, అంటే స్వచ్ఛతను, కిందికి లాగేవి. కాడ్మియం టంకంలో బంగారం పాలు ఎక్కువ పెట్టినా తక్కువ వేడికి కరుగుతుంది కాబట్టి ఆ లోటు తగ్గింది. కానీ దాని పొగ ఊపిరితిత్తులకు విషం, అందుకే పోయింది. కేడీఎం అన్న అక్షరాలు అతుకు గురించి చెబుతాయి, టచ్‌కు హామీ ఇవ్వవు. పైగా ఈ గొలుసు సన్నటి లింకులది. ప్రతి లింకుకూ ఒక అతుకు.

గీటురాయి మీద తీగ గీత బాగానే ఉంది, అతుకు గీత మాత్రం ఎర్రగా వచ్చింది. కాడ్మియం టంకానికి ఆ ఎరుపు రాదు. కొట్టింది కేడీఎం, వాడింది రాగి టంకమని నాకు అనుమానం వచ్చింది. ఇలాంటప్పుడు రాయి మీద చూసి అంకె చెప్పకూడదు. వాళ్లను నెల్లూరులో గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి పంపాను. అక్కడ మామూలు జనం కూడా ఫీజు కట్టి నగ పరీక్ష చేయించుకోవచ్చు. ఎక్స్‌రే మెషీన్ మీద నాలుగు చోట్ల చూపించి రిపోర్టు తెమ్మన్నాను, రెండు తీగ మీద, రెండు అతుకు దగ్గర. 90.6, 90.1, 87.5, 85.4 వచ్చాయి. సగటు 88.4.

88.4 శాతం అంటే ఎన్ని క్యారెట్లని మేనమామే అడిగాడు. అప్పటికి ఆయనకు లెక్క మీద ఆసక్తి పుట్టింది. వెనక్కి రావాలంటే శాతాన్ని 24తో గుణించి వందతో భాగించడమే. 21.2 క్యారెట్. పాత గాజుల 21 కంటే కాస్త మెరుగు, కొట్టిన 22 కంటే తక్కువ. మేలిమి బరువు 26 × 0.884, అంటే 22.984 గ్రాములు.

ఈ అంకె పక్కా కాదని వాళ్లకు ముందే చెప్పాను. మెషీన్ చూసేది పై పొరనే, పూత ఉన్న నగ అయితే పూతనే చదువుతుంది. పూత లేదని రుద్ది చూసుకున్నాకే పంపాను. నాలుగు చోట్ల సగటు అంటే మొత్తం గొలుసు సగటు అని కూడా కాదు, తీగ ఎంత, టంకం ఎంత అన్నది మనకు తెలియదు. పక్కాగా తెలియాలంటే కరిగించాలి. కరిగిస్తే అమ్మ గొలుసు ఉండదు. అసలు టచ్ 86 అయినా 90 అయినా చివరికి ఇచ్చిపుచ్చుకునే మొత్తం మూడో వంతు గ్రాము లోపే మారుతుందని లెక్క వేసి చూపించాను. ఆ మాత్రానికి కరిగించొద్దని ఇద్దరూ అన్నారు. ఒకవేళ గొలుసు మీద అసలైన హాల్‌మార్క్ ఉండి టచ్ తక్కువ వచ్చి ఉంటే కథ వేరు. బీఐఎస్ 2018 నిబంధనల ప్రకారం తగ్గిన స్వచ్ఛత విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా అమ్మినవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చు. ఉత్త 916 KDM ముద్రకు ఆ దారి లేదు.

ఇక కుప్పల లెక్క. అక్క వాటా ఎనభై గ్రాములూ 916. మేలిమి 73.28 గ్రాములు. చెల్లెలి వాటా 21.15, 21.00, 22.984 కలిపితే 65.134 గ్రాములు. రెంటికీ తేడా 8.146 గ్రాములు. సవర పైన మేలిమి బంగారం!

"సమానంగా తూచి మరీ ఇచ్చాను కదయ్యా" అని మేనమామ కాసేపు నొచ్చుకున్నాడు. తేడా ఎక్కడిదో విడదీసి చూపిస్తేగానీ ఆయనకు ఊరట కలగలేదు. చెల్లెలి నగలన్నీ రాళ్లు లేని 916 అయితే ఎంత ఉండాలి, ఎంత ఉంది అని ఒక్కోటి చూశాం. నెక్లెస్‌లో 6.33 గ్రాములు తగ్గింది. గాజుల్లో 0.98, గొలుసులో 0.83. అందరూ అనుమానించింది ముద్ర సరిగా లేని గొలుసును. అసలు లోటులో చాలావరకు చక్కటి ముద్ర, బిల్లు ఉన్న నెక్లెస్‌లో ఉంది. అందులో ఎవరి తప్పూ లేదు, నగ తన అంకె తాను సరిగ్గానే చెబుతోంది.

సమానం కావాలంటే తేడాలో సగం, 4.073 గ్రాముల మేలిమి, అక్క నుంచి చెల్లెలికి పోవాలి. మొదట నగలతోనే సర్దుదామని చూశాం. ఒక కొత్త గాజు ఇస్తే 7.33 గ్రాముల మేలిమి పోతుంది, అప్పుడు అక్కకు తక్కువవుతుంది. అక్క రెండు కొత్త గాజులిచ్చి, చెల్లెలి దగ్గర ఒక పాత గాజు తీసుకుంటే? 14.656 పోయి 10.5 వస్తుంది, నికరంగా 4.156. దాదాపు సరిపోయింది. నాకు ముచ్చటేసింది కూడా. కానీ "ఒంటి గాజు నేనేం చేసుకోను, జత విడదీయొద్దు" అంది అక్క. లెక్క కుదిరినా గాజు చేతికి కుదరాలి కదా. చివరికి డబ్బుగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

డబ్బు దగ్గర మళ్లీ క్యారెట్ అడ్డం వస్తుంది. 4.073 గ్రాములు మేలిమి కాబట్టి దాన్ని 24 క్యారెట్ రేటుతోనే గుణించాలి. 22 క్యారెట్ రేటు వాడాలంటే ముందు ఆ బరువును 0.916తో భాగించి 4.446 గ్రాములు చేసుకోవాలి. లెక్క కోసం 24 క్యారెట్ గ్రాము పది వేలు, 22 క్యారెట్ 9,160 అనుకుందాం. మొదటి దారిలో 40,730 రూపాయలు, రెండో దారిలో 40,725. రెండూ ఒకటే. బరువు మేలిమిది తీసుకుని రేటు 22ది పెడితే 37,309 వస్తుంది, చెల్లెలికి 3,421 రూపాయలు పోతాయి. షాపు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండేది 22 రేటే, మేనమామ ఫోన్‌లో చూసి చదివిందీ అదే. అందుకే కాగితం మీద 4.073 పక్కన "24 రేటుకు" అని రాసి గీత గీశాను.

ఈ లెక్కలో మజూరీ, తరుగు, రాళ్ల ధర లేవు. చెన్నై నెక్లెస్‌కు తల్లి కట్టిన మజూరీ చిన్నదేం కాదు, కానీ తిరిగి అమ్మితే ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. వాడుకునేదే అయితే దానికీ విలువ కట్టాలంటుంది చెల్లెలు, వద్దంటుంది అక్క. అది అప్రైజర్ తేల్చేది కాదు. రిపోర్టు, బిల్లు, నా లెక్క కాగితం మూడూ కలిపి జిరాక్సులు తీయించి, ఇద్దరికీ ఒక్కో సెట్టు ఇచ్చి పంపాను.